నచ్చినా, నచ్చకపోయినా రాయండి

తప్పులు వెతకడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఓ ఆఫీసులో కూర్చుని, ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ లోపముందో పట్టుకుని, రాసినవాళ్ళకే తిరిగి పంపుతుంటాను. వాళ్ళు నొచ్చుకుంటారు. రోజూ జరిగేదే అయినా రోజూ కొత్తగా నొచ్చుకుంటారు. అందుకే, మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ అక్క ఒకనాడు తలుపు తట్టి, "చెల్లె, నీకు రాసుడు మంచిగొస్తది గద, నాకొక కార్డు రాసియ్యి" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నా రాతలు చదివి సంతోషపడ్డవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు.

అక్క నల్లపూసల దండలు గుచ్చుతుంది. నల్లపూసల మధ్య ముత్యాలు, అక్కడక్కడ బంగారు పూత గుండ్లు, వెనక ఒక హుక్కు. పూసలూ ముత్యాలూ పాతబస్తీకి వెళ్ళి తానే ఏరి తెచ్చుకుంటుంది. వాళ్ళది ఈ చుట్టుపక్కలే ఊరు. ఇప్పుడు ఆ ఊరు ఎక్కడుందో చెప్పాలంటే ఏదో ఒక టవర్ పేరు చెప్పాలి. భర్త బాలానగర్‌లో లేతు మిషన్ మీద పని చేస్తాడు. నేను ఆయన్ని బావగారూ అంటాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నా నోట ఆ "గారు" విన్నప్పుడల్లా ఆయన కాస్త కంగారుగా లుంగీ సర్దుకుంటాడు. వాళ్ళ హాల్లో టీవీ ముందు ఓ చాప, చాప మీద స్టీలు పళ్ళేలు, పళ్ళేల్లో పూసలు. సీరియల్ నడుస్తున్నంతసేపూ అక్క చూపు పళ్ళెం మీదే ఉంటుంది, చెవి మాత్రం టీవీకి అప్పజెబుతుంది.

అప్పటికి కొంతకాలం కిందటే ఆ దండల్ని ఓ పెద్ద అమ్మకాల యాప్‌లో పెట్టింది. అకౌంటు తెరవడం, ఫోటోలు తీయడం, కొలతలు రాయడం, ఇంగ్లీషు మెసేజీలకు జవాబివ్వడం నా వంతు. గుచ్చడం, సర్దడం, పార్సిల్ కుర్రాడొస్తే అప్పజెప్పడం తన వంతు. ఆర్డర్లు అడపాదడపా వచ్చేవి. కొన్నవాళ్ళు మాత్రం కొని ఊరుకునేవాళ్ళు, ఒక్క మాటా రాసేవాళ్ళు కాదు. దండ వాళ్ళింటికి చేరినట్టు యాప్ చెప్పేది, అంతే.

"మంచిగున్నదో లేదో తెల్వది. పెట్టెల పెట్టి గోడ అవతలికి ఇసిరినట్టున్నది చెల్లె," అంది అక్క.

డబ్బాలో కార్డు పెడితే జనం రాస్తారని తనకెవరో చెప్పారట.

"మీ వాళ్ళంతా ఉన్నారు కదా, ఇన్ని పెళ్ళిళ్ళకు మీ దండలే వేసుకున్నారు, వాళ్ళు మెచ్చుకోరా?" అన్నాను. వాళ్ళచేత యాప్‌లో రాయించమని కాదు. చుట్టాలు, స్నేహితులు రాసేవి చెల్లవని యాప్ వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. ఊరికే అడిగాను.

అక్క పళ్ళెంలోంచి తలెత్తింది. "మనోళ్ళ మాట ఒక మాటనా? నా పప్పుల ఉప్పు లేకున్నా మంచిగున్నదనే తింటరు. దండ చేతిల పెడితే 'మస్తున్నది' అంటరు. ఎటెల్లి చూసి అన్నరో దేవునికెర్క. ఎన్కకు తిరిగినంక మా ఆడబిడ్డ ఏమంటదో తెల్సా? 'మా వదినకు టైంపాస్ కావాలె గద, ఏదో గుచ్చుకుంటది' అంటది. నేనెవరో ఎర్కలేనోళ్ళు చూసి చెప్పాలె. మంచిగుంటే మంచిగున్నదని, లేకుంటే లేదని. నా చేతిల పని ఉన్నదా లేదా నాకు తెల్వాలె. లేదంటే ఇడిచిపెడ్త, పీకో ఫాలో కుట్టుకుంట."

చీరల అంచులు కుట్టే పనంటే అక్కకు ఎంత విసుగో నాకు తెలుసు. ఇడిచిపెడ్త అన్న మాట ఊరికే అన్నది కాదు. ఆ మాట విన్నాక నాకు నవ్వు పోయింది. కూర్చుని కార్డు రాశాను.

"ఈ దండ మా ఇంట్లో చేత్తో గుచ్చింది. కొన్నందుకు ధన్యవాదాలు. ముత్యాలకు సెంటు తగలనివ్వకండి. తీశాక మెత్తటి గుడ్డతో తుడిచి దాచండి. వేసుకుని చూశాక, నచ్చినా, నచ్చకపోయినా, మీకు ఏమనిపించిందో అది యాప్‌లో రివ్యూగా రాయండి. తెగి గాని, విరిగి గాని వస్తే యాప్‌లోనే మాకు మెసేజ్ పెట్టండి, మార్చి పంపుతాం." ఒకవైపు తెలుగు, వెనక అదే ఇంగ్లీషులో.

అక్క రెండుసార్లు చదివించుకుంది. "నచ్చకపోయినా అని మనమే రాస్కోవాల్నా? శకునం పలికినట్టుంటది," అంది.

"మీకు కావలసింది అదే కదక్కా. నచ్చితేనే రాయండి అంటే వాళ్ళూ మీ ఆడబిడ్డలాగే రాస్తారు."

అక్క నవ్వి ఊరుకుంది.

అచ్చు వేయించడానికి లింగంపల్లిలో పెళ్ళిపత్రికలు కొట్టే ఓ షాపుకు వెళ్ళాం. షాపాయన మా కాగితం చదివి, మా ఇద్దరి మొహాలూ చూసి, కౌంటర్ కింద నుంచి ఓ కట్ట తీశాడు. అన్నీ ఆన్‌లైన్ షాపుల కార్డులే. బంగారు రంగు నక్షత్రాలు అయిదు, వాటి కింద పెద్ద అక్షరాలు. అయిదు నక్షత్రాలిచ్చి దాని ఫోటో వాట్సాప్ చేస్తే బహుమతి. నచ్చకపోతే రివ్యూ పెట్టొద్దు, ముందు మాకు ఫోన్ చేయండి.

"అందరు గిదే కొట్టిస్తున్రు మేడం," అన్నాడు.

"అందరూ కొట్టించినా ఇది కుదరదండి," అన్నాను. రివ్యూ రాయమని ఎవరినైనా అడగొచ్చు. మంచిదే రాయమని అడగకూడదు, రాసినందుకు ఏదీ ఇవ్వకూడదు, నచ్చనివాళ్ళని పక్కకు తప్పించి నచ్చినవాళ్ళనే యాప్‌లోకి పంపకూడదు. తెలిస్తే రివ్యూలు తీసేస్తారు, షాపే మూసేసినా మూసేస్తారు. ఇదంతా నేను ఆఫీసు గొంతుతో చెప్పాను. ఆ గొంతు నాకే నచ్చదు, కానీ అలాంటి చోట్ల అదే వస్తుంది.

"గట్లయితే మీకు రివ్యూలు రావు మేడం," అన్నాడాయన జాలిగా.

అక్క ముందుకు జరిగింది. "రాకుంటే రాకపాయె. మా కాయితంల ఉన్నట్టే కొట్టు అన్నా. జర గట్టి అట్ట మీద కొట్టు, ఒంగద్దు."

గట్టి అట్ట ఎందుకో నేను అడగలేదు. పలచటి కార్డు దారిలో నలిగిపోతుందనుకున్నాను.

కార్డులు వచ్చాయి. లేత పసుపు రంగు, ముదురు గోధుమ అక్షరాలు. అక్క ఒక కార్డును దేవుడి పటాల దగ్గర పెట్టి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే మిగతావి వాడింది. ఆఫీసులో ఆ నెల నాకు ఊపిరాడని పని. పొద్దున రాయదుర్గం వైపు ఆ ట్రాఫిక్కులో పడితే ఇంటికొచ్చేసరికి మనిషిని మనిషిలా ఉండేదాన్ని కాదు. అక్క సర్దే పార్సిళ్ళ వైపు తొంగి చూసింది లేదు.

రివ్యూలు మాత్రం వచ్చాయి. మొదట ఒకటి, తర్వాత ఒకదాని వెనక ఒకటి. అన్నిటికీ అయిదు నక్షత్రాలే. సూపర్. చాలా బాగుంది. మళ్ళీ కొంటాం. అక్క మొహం చూడాలి అప్పుడు. లిఫ్టులో కనబడినా ఫోన్ తీసి చదివి వినిపించేది. పక్కన నిలబడ్డ ఐదో అంతస్తు ఆయన కూడా తలూపాల్సి వచ్చేది. "కర్నూలు నుంచి రాసిందట చెల్లె. నేను కర్నూలు చూడనే లేదు," అనేది. దండలు కావాలని వెతికేవాళ్ళకు యాప్ కూడా తన దండను కొంచెం పైన చూపించడం మొదలుపెట్టింది. ఆర్డర్లు పెరిగాయి.

నాకూ సంతోషంగానే ఉంది. కానీ నా బుద్ధి నా బుద్ధే. ఒక్క లోపమూ దొరకని రోజు ఆఫీసులో నాకు భయమేస్తుంది, సరిగ్గా వెతకలేదేమోనని. ఇంతమందిలో పొడవు చాలలేదన్నవాళ్ళు లేరు, రంగు ఫోటోలో వేరేగా ఉందన్నవాళ్ళు లేరు. మన జనం అంత మంచివాళ్ళా? కూరగాయల బండి దగ్గర బెండకాయ తుంచి చూసి కూడా ముదురంటారు. ఆ అనుమానాన్ని నాలోనే ఉంచుకున్నాను. ఆనందంలో ఉన్న మనిషి దగ్గర ఇలాంటివి మాట్లాడితే ఏమవుతుందో నాకు అనుభవం.

శ్రావణం దగ్గర పడుతోంది. నోముల నెల, పెళ్ళిళ్ళ నెల. నల్లపూసలకు అంతకు మించిన గిరాకీ రోజులు ఉండవు. అక్క పళ్ళేలు చాప మీంచి దివాన్ మీదికి కూడా పాకాయి. ఒక శుక్రవారం నేను ఇంట్లోనే పని చేసుకుంటున్నాను. అక్క తలుపు తట్టకుండానే లోపలికొచ్చింది. ఎన్నడూ అలా రాదు.

"జర ఇది చూడు చెల్లె. ఎర్ర రంగుల వచ్చింది. నాకు పరేషానైతుంది."

యాప్ వాళ్ళ నోటీసు. మీ దండ పేజీని నిలిపేశాం. రివ్యూల కోసం కొనుగోలుదారులకు ఉచిత వస్తువులు ఇస్తున్నట్టు మాకు తెలిసింది. ఆ రివ్యూలు తొలగించాం. ఇది ఎలా జరిగింది, ఏం సరిదిద్దారు, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారు, ఈ మూడూ రాసి పంపండి. అంతవరకు అమ్మకం లేదు.

"ఉచిత వస్తువులేంటి? మనం ఏమిచ్చామక్కా?" అన్నాను.

"మనమేం ఇచ్చినం? ఏమియ్యలే."

నోటీసు కింద ఒక రివ్యూ ఫోటో జోడించి ఉంది. ఎవరో కొన్నావిడ పెట్టిన ఫోటో. మన కార్డే. లేత పసుపు, గోధుమ అక్షరాలు. సరిగ్గా "మీకు ఏమనిపించిందో అది యాప్‌లో రివ్యూగా రాయండి" అన్న వాక్యానికి అటొకటి ఇటొకటి, కార్డుకు రెండు చిల్లులు పొడిచి, రెండు ముత్యాల చెవిదిద్దులు గుచ్చి ఉన్నాయి. ఆవిడ ఇలా రాసింది: దండ ఇంకా వేసుకోలేదు, కానీ రివ్యూ కోసం ఇంత ముద్దయిన దిద్దులిచ్చారు కాబట్టి అయిదు నక్షత్రాలు.

నేను ఫోటోను పెద్దది చేసి అక్కకు చూపించాను.

"ఓ, గవ్వా! గవి కొసరు," అంది అక్క తేలిగ్గా.

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులో అయితే ఇంకోలా మాట్లాడేదాన్ని. "కొసరేంటక్కా! అంత చదివి, అంత చెప్పి, ఆ షాపాయన దగ్గర అంత గొడవ పెట్టుకుని రాయించిన కార్డు ఇది. దానికే దిద్దులు గుచ్చారా?"

"మరి ఉత్త కాయితం పెడితే బాగుంటదా?" అక్కకూ కోపం వచ్చింది. "ఆకుకూరలమ్మే ఆమె కొసరు కరివేపాకు ఇయ్యదా? ఆడామె నల్లపూసలు కొన్నది, ఉత్త చేతులతోని ఎట్ల పంపాలె? మనింటికొచ్చిన ఆడామెకు పసుపు కుంకుమ ఇయ్యక పంపుతమా? కుంకుమ పెడితే ముత్యాలకు అంటుకుంటదని దిద్దులు పెట్టిన. దిద్దులు డబ్బల దొర్లుతయని అట్టకు గుచ్చిన. గందుకే గట్టి అట్ట కావాలన్న."

తను చెప్పిన ప్రతి ముక్కా నిజమే. మా అమ్మ కూడా ఇంటికొచ్చిన ఆడమనిషిని కనీసం ఓ అరటిపండైనా చేతిలో పెట్టకుండా పంపదు. కానీ ఆ ఫోటోను తనూ నేనూ కాక ఇంకెవరు చూసినా, రివ్యూ రాయండి, ఇదిగో దిద్దులు అన్నట్టే ఉంది. నేను రాసిన "నచ్చకపోయినా" ఎడమవైపు దిద్దు కింద సగం కనబడకుండా పోయింది.

"చూసేవాళ్ళకు లంచంలా కనిపిస్తుందక్కా," అన్నాను, గొంతు తగ్గించి.

ఆ మాట అనక తప్పలేదు. అయినా అక్క మొహం మాడిపోయింది. "నేను లంచమిచ్చిన్నా? పార్సల్ పిలగానికి మంచినీళ్ళిస్తే అదీ లంచమేనా?" అని లేచి, ఫోన్ నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం జవాబు రాద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. పళ్ళేలు చాప మీద అలాగే ఉన్నాయి. టీవీ ఆపి ఉంది. బావగారు బాలానగర్ నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కాకు ఇంకా ఆయిల్ వాసన. నన్ను చూసి లోపలికి సైగ చేశాడు. "పొద్దుగాలటి సంది గట్లనే కూసున్నట్టున్నది. అన్నం తినలే."

అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. శ్రావణం ఆర్డర్లు పోతాయని బాధపడుతోందనుకుని, "రెండు మూడు రోజుల్లో తెరుస్తారక్కా, ఫికర్ చేయకండి," అన్నాను. తన మాట తనకే అప్పజెప్పాను, నవ్వుతుందేమోనని.

నవ్వలేదు. "ఆర్డర్లది కాదు చెల్లె. కర్నూలామె ఉన్నది గద, మస్తున్నదని రాసింది. గది దండకు రాసిందా, దిద్దులకు రాసిందా?"

నేను వెళ్ళి తన పక్కన కూర్చున్నాను.

"అన్నీ అయిదు చుక్కలే. అండ్ల నా దండను చూసి ఇచ్చింది ఏదో, దిద్దులు చూసి ఇచ్చింది ఏదో నాకు తెలుస్తలేదు. వాళ్ళు తీసేసిండ్రని ఏడుస్తలేను. ఉంచినా గూడ ఇగ నేను చదవలేను. కొన్నోళ్ళను గూడ మనోళ్ళ తీరే చేసిన, వాళ్ళ నోరు నేనే తీపి చేసిన."

పొద్దున్నుంచి అక్క మీదున్న కోపం ఆ మాటతో దిగిపోయింది. జాలి వేసింది. జాలి అంటే అక్కకు కోపం గనుక పైకి చెప్పలేదు. ఇంత కష్టపడి ముక్కూ మొహం తెలియనివాళ్ళ నోటి నుంచి ఒక నిజం రాబట్టుకుందామనుకున్న మనిషి, ప్రేమకొద్దీ ఆ నిజానికి తనే అడ్డం పడింది. ఎవరిని తిట్టాలి?

బావగారు గిన్నెలో అన్నం కలిపి తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క రెండు ముద్దలు తిన్నాక జవాబు రాయడం మొదలుపెట్టాం. మొదటి జవాబులో, లంచం కాదు, కొసరు మా ఆచారం అని రాయమని పట్టుబట్టింది. నేను ఎంత చెప్పినా వినలేదు. రాశాను. రెండు రోజులకు తిరిగొచ్చింది. వివరాలు చాలవు, మూడు ప్రశ్నలకూ జవాబివ్వండి అని.

"కొసరంటే వాళ్ళకు తెల్వదా?" అంది అక్క.

"తెలుసేమో అక్కా. కానీ వాళ్ళు అడిగింది అది కాదు. మీ మనసులో ఏముందో వాళ్ళకు పట్టదు. డబ్బా తెరిచినవాళ్ళకు ఏం కనిపించిందో అదొక్కటే వాళ్ళకు కావాలి."

అక్క చాలాసేపు కార్డునే చూసింది. దిద్దులు గుచ్చిన కార్డు, గుచ్చని కార్డు పక్కపక్కన పెట్టుకుని, తనే కొన్నదానిలా ఒకటి తీసి, రెండోది తీసి చూసింది. "అవ్, గిది చూస్తే నేను గూడ అయిదే ఇస్త," అని ఒప్పుకుంది.

రెండో జవాబు తను చెబుతుంటే నేను ఇంగ్లీషులో పెట్టాను. రివ్యూ రాయమని అడిగే కార్డుకే ఉచిత దిద్దులు గుచ్చి పంపాం, అది రివ్యూకు బదులు ఇచ్చినట్టు అయింది. ఆపేశాం. ఇక డబ్బాలో కొన్న దండ, కార్డు తప్ప ఏమీ ఉండవు. సర్దిన ప్రతి డబ్బానూ మూత వేసే ముందు ఇంకొకరు చూస్తారు. ఆ ఇంకొకరు ఎవరని అడిగితే, బావగారు చెయ్యెత్తాడు. మిషన్ మీద తయారైన ముక్కను బయటికి పంపేముందు చూడటం ఆయనకు రోజూ అలవాటే. కార్డు ఫోటో, సర్దిన డబ్బా ఫోటో జతచేసి పంపాం.

కొన్నాళ్ళకు పేజీ తిరిగి తెరిచారు. శ్రావణం మొదటి వారం అప్పటికే పోయింది. పాత రివ్యూలు ఒక్కటీ రాలేదు, వస్తాయని ఎవరూ అనుకోలేదు కూడా. వెతికితే కింద ఎక్కడో, ఒక్క నక్షత్రమూ లేకుండా కనిపించింది అక్క దండ. మొదటి డబ్బా సర్దినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దండను మెత్తటి కాగితంలో చుట్టి, పైన కార్డు పెట్టాక అక్క చేతులు డబ్బా మీద అలాగే ఉండిపోయాయి. "మస్తు బోసిగున్నది," అంది. బావగారు లోపల చూసి, తలూపి, మూత వేశాడు.

ఒకటి, రెండు, నాలుగు పార్సిళ్ళు వెళ్ళాయి. ఎవరూ ఏమీ రాయలేదు. లింగంపల్లి షాపాయన మాటే నిజమయ్యేలా ఉందని నాలో నేనే తిట్టుకున్నాను. అక్క యాప్ తెరవడం మానేసింది. కుట్టుమిషన్ మీద కప్పిన పాత దుప్పటి తీసి, నూనె వేసింది. అది చూసి నాకు నిజంగా బెంగ పట్టుకుంది. ఆఫీసులో మీటింగ్ మధ్యలో కూడా అక్క అకౌంటు తెరిచి చూసేదాన్ని.

అలా చూస్తుండగానే వచ్చింది. ఒక మధ్యాహ్నం, క్యాంటీన్‌లో లైన్లో నిలబడి ఉన్నాను. మూడు నక్షత్రాలు. చదివాను. వెంటనే ఫోన్ చేసి చదివి వినిపిద్దామా, ఇంటికెళ్ళాక మెల్లగా చెబుదామా అనుకున్నాను. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. ఫోన్ చేశాను.

"అక్కా, ఒకటొచ్చింది. మూడే. చదవనా?"

"చదువు."

చదివాను. ఎవరో వరంగల్ ఆవిడ, తెలుగులోనే రాసింది. "పూసలు ఒకే సైజులో ఉన్నాయి, ముత్యాలు మంచివి, గుచ్చడం చాలా నీట్‌గా ఉంది. వారం నుంచి రోజూ వేసుకుంటున్నాను. వెనక హుక్కు కొస మాత్రం మెడకు గుచ్చుకుంటోంది, ఎర్రగా అయింది. కొంచెం లావుగా ఉన్నవాళ్ళకు పొడవు సరిపోదు. కార్డులో నిజం రాయమన్నారని రాస్తున్నాను. హుక్కు మారిస్తే మా చెల్లెలికి కూడా కొంటాను."

అవతల టీవీ ఆపేసింది.

"ఇంకొకపారి చదువు," అంది అక్క.

చదివాను. నా వెనక లైన్లో ఉన్నవాళ్ళు నన్ను దాటుకుని ముందుకు వెళ్ళిపోయారు. "వారం సంది రోజు ఏస్కుంటున్నదా?" అని అడిగింది. అవునన్నాను. "గుచ్చుడు నీట్‌గున్నదన్నదా?" అవునన్నాను. "హుక్కు గుచ్చుతున్నదా?" అవునన్నాను. అప్పుడు అక్క ఏడ్చింది. ఆపుకోకుండా, దాచుకోకుండా ఏడ్చింది. నేను ఖాళీ ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి, నా కళ్ళూ తుడుచుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి వాళ్ళ తలుపు బార్లా తెరిచి ఉంది. బావగారు ట్యూబ్‌లైటు కింద నిలబడి హుక్కును బొటనవేలి మీద గీసి చూస్తున్నాడు. "అవ్, గీస్కుంటది. కొస ఒంచి, సాన పట్టాలె," అంటున్నాడు. పొడవు కోసం వెనక చిన్న గొలుసు కలుపుదామని అక్క పళ్ళెంలో వెతుకుతోంది. ఆ మూడు నక్షత్రాల రివ్యూను ఫోటో తీసి, ఒక్క ముక్క కోయకుండా, తన వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంది. ఎవరైనా అయిదు నక్షత్రాలు పెట్టుకుంటారు. మూడు పెట్టుకున్న మనిషిని నేను అక్కనే చూశాను.

అంతలోనే ఫోన్ మోగింది. ఆడబిడ్డ. అక్క చేతుల నిండా పూసలున్నాయని స్పీకర్ పెట్టింది.

"ఏంది వదినా, ఎవరో నీ దండకు పేర్లు పెట్టిండ్రట? స్టేటస్‌ల పెట్టుకున్నవేంది, అందరు చూస్తున్రు. తీసెయ్యి," అంది ఆవిడ.

"ఎందుకు తీస్త?" అంది అక్క. "ఆమెకు నేను ఎర్కలేదు. నా దండ మెడల ఏస్కొని, వారం దినాలు తిరిగి, అద్దంల చూస్కొని, మెడ తడుముకొని రాసింది. నా పనిని గంత మంచిగ ఎవ్వలు చూడలే ఇప్పటిదాంక."

ఆడబిడ్డ గొంతు తగ్గింది.

"వదినా, నాకు గూడ గుచ్చుతది ఆ హుక్కు. పెండ్లిల ఇచ్చినవ్ చూడు, ఆ దండది. నువ్వేమనుకుంటవో అని చెప్పలే."

అక్క చేతిలో గొలుసు ఆగింది. బావగారూ నేనూ మొహాలు చూసుకున్నాం.

"పట్కరా. మార్చిస్త," అంది అక్క.